చిల్లెంత? బిల్లెంత?

గుంటూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లులు చాలా ఉన్నాయి. ఏ మిల్లులోకి వెళ్లినా రింగు ఫ్రేముల హోరులో పక్కమనిషి మాట వినాలంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవాలి. ఆ హోరులో గాలి లీకు ఎవరికీ వినపడదు. అదే మిల్లుకు పండగ సెలవిచ్చి, మిషన్లన్నీ ఆపేసి, కంప్రెషర్ ఒక్కదాన్నే నడిపి చూడండి. ఈ మూల నుంచి బుస్సు, ఆ మూల నుంచి ఈల, తలపైన పైపులోంచి సన్నటి సీత్కారం. "ఇంత గాలి పోతోందేమిటయ్యా?" అని ఫిట్టరును అడిగితే చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: "గాలే కద్సార్, నీళ్లు కావు, నూనె కాదు. పోతే ఏమైంది?"

ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. నూనె కారితే నేల మీద మరక కనిపిస్తుంది, ఆవిరి లీకైతే ఒళ్లు కాలుతుంది. గాలి లీకుకు మరకా లేదు, వాసనా లేదు. దాని ఆనవాలు నెలాఖరున వచ్చే కరెంటు బిల్లులో ఉంటుంది. అక్కడా విడిగా కనిపించదు, మొత్తంలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీసి చూపించాలంటే రెండు లెక్కలు కావాలి: చిల్లులోంచి నిమిషానికి ఎంత గాలి పోతోంది, ఆ గాలిని నొక్కి పెట్టడానికి ఎంత కరెంటు పట్టింది. రెండూ కష్టమైనవి కావు. కానీ రెండింటినీ గుణించి వచ్చిన అంకెనే ఆదా అనుకుంటే మాత్రం తప్పులో కాలేస్తాం. ఎందుకో చివరికి వస్తాను.

ముందు మిల్లులో గాలి చేసే పనేమిటో రెండు మాటల్లో. ఆటోకోనర్ మీద నూలు తెగినప్పుడు ముడి వెయ్యరు. రెండు కొసల్నీ ఒక చిన్న గూట్లో పెట్టి గాలి దెబ్బ కొడితే పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ముడి లేని అతుకు పడుతుంది. బ్లోరూములో తలుపుల్ని కదిపే సిలిండర్లకూ గాలే కావాలి. మిషన్ల మీది దూదిపొట్టును ఊదడానికి గొట్టాలు సరేసరి. వీటన్నిటికీ కంప్రెషర్ రూము నుంచి ఆరేడు బార్ల ఒత్తిడితో గాలి వస్తూ ఉండాలి. మన ఫ్యాక్టరీల్లో దీన్నే 'ఏడు కేజీల ప్రెషర్' అంటారు. బారుకూ కేజీకీ ఉన్న తేడా స్వల్పం, మన లెక్కకు అది అడ్డం రాదు.

ఇక ఒక ఘనపు మీటరు గాలి ఖరీదు. ఇక్కడ ఘనపు మీటరంటే నొక్కిన తరువాతి పరిమాణం కాదు. కంప్రెషర్ బయట నుంచి పీల్చుకున్న మామూలు గాలి పరిమాణం. కంప్రెషర్ల మీద రాసే నిమిషానికి ఇన్ని ఘనపు మీటర్లు, ఇన్ని సీఎఫ్‌ఎంలు అనే లెక్క అంతా ఈ పీల్చుకున్న గాలిదే. ఒక ఘనపు మీటరంటే సుమారు 35 ఘనపు అడుగులు. కాబట్టి నిమిషానికి 10 ఘనపు మీటర్లిచ్చే కంప్రెషర్‌ను మెకానిక్కులు 350 సీఎఫ్‌ఎం మిషను అంటారు.

అలాంటి స్క్రూ కంప్రెషర్‌కు సాధారణంగా 55 కిలోవాట్ల మోటారు ఉంటుంది. మోటారు నష్టాలూ చల్లబరిచే ఫ్యానూ కలిపి, పూర్తి లోడు మీద మీటరు దగ్గర 66 కిలోవాట్లు తీసుకుంటోందనుకుందాం. అంటే గంటకు 66 యూనిట్లు కాల్చి 600 ఘనపు మీటర్ల గాలి ఇస్తోంది. భాగిస్తే ఘనపు మీటరుకు 0.11 యూనిట్. ఏడు బార్ల దగ్గర బాగున్న స్క్రూ మిషను ఇంచుమించు ఇంతే తీసుకుంటుంది. ఫిల్టరు పూడుకుపోయినా, స్క్రూ అరిగినా ఈ అంకె పైకి పాకుతుంది. అందుకే కేటలాగులో అంకె నమ్మకుండా సొంత మీటరు చూసి వేసుకోవడం మంచిది.

కొంచెం పక్కకు వెళ్తాను. గాలిని వేడెక్కనివ్వకుండా, ఏ నష్టమూ లేకుండా మెల్లగా నొక్కగలిగితే, ఏడు బార్లకు ఘనపు మీటరుకు 0.058 యూనిట్ చాలని భౌతికశాస్త్రం చెబుతుంది. మన మిషను దాదాపు రెట్టింపు తీసుకుంటోంది. కంప్రెషర్‌లోకి వెళ్లిన కరెంటులో దాదాపు అంతా చివరికి వేడిగానే బయటపడుతుంది. వేసవిలో కంప్రెషర్ రూములో నిలబడ్డ వాళ్లకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో దొరికే శక్తుల్లో నొక్కిన గాలి బాగా ఖరీదైనది కావడానికి కారణం ఇదే.

డిమాండ్ చార్జీ, సుంకం వగైరా కలుపుకొని యూనిట్ 8 రూపాయలు పడుతోందని లెక్కకు పెట్టుకుందాం. అప్పుడు ఘనపు మీటరు గాలి 88 పైసలు. వినడానికి చిన్నదే.

ఇప్పుడు చిల్లు సంగతి. పైపు లోపల ఒత్తిడి బయటి ఒత్తిడికి దాదాపు రెట్టింపు దాటితే చాలు, చిల్లులోంచి పోయే గాలి అక్కడి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ ఇరుకులో అది సెకనుకు సుమారు 315 మీటర్లు. అంతకు మించి వేగం పెరగదు. ఏడు బార్ల పైపులో ప్రతి చిల్లూ ఈ హద్దు మీదే ఉంటుంది. ఇది లెక్క వేసేవాళ్లకు పెద్ద వరం. బయట ఏముందో పట్టించుకోనక్కర్లేదు. ఎంత గాలి పోతుందనేది చిల్లు వైశాల్యం మీదా, లోపలి అసలు ఒత్తిడి మీదా ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత ప్రభావం కొద్దిపాటిదే.

అసలు ఒత్తిడి అన్నది గమనించాలి. గేజి 7 చూపిస్తోందంటే బయటి వాతావరణం మీద 7 ఎక్కువని అర్థం. దానికి వాతావరణపు ఒక బారు కలిపితే అసలు ఒత్తిడి 8. కాబట్టి గేజి 7 నుంచి 6కు దింపితే లీకు ఏడో వంతు కాదు, ఎనిమిదో వంతు తగ్గుతుంది.

3 మిల్లీమీటర్ల చిల్లు తీసుకుందాం. ఏడు బార్ల గేజి, 27 డిగ్రీల వేడి. అంచులు నున్నగా గరాటులా ఉన్న ఆదర్శ రంధ్రమైతే నిమిషానికి 0.67 ఘనపు మీటరు పోతుంది. నిజమైన చిల్లుల అంచులు పదునుగా, గరుకుగా ఉంటాయి. గాలి వాటిలోంచి దూరేటప్పుడు ధార ముడుచుకుపోతుంది కనుక, ఆదర్శంలో 65 శాతం మాత్రమే పోతుందనుకోవచ్చు. అంటే 0.44 ఘనపు మీటరు. బజార్లో దొరికే లీకు పట్టికల్లో కొన్ని మొదటి అంకెను, కొన్ని రెండో అంకెను అచ్చువేస్తాయి. రెండింటికీ మధ్య తేడా సగం. పట్టిక అమ్మకాల బ్రోషర్‌లోదైతే ఏ అంకె ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను తక్కువ అంకెతోనే వెళ్తాను.

నిమిషానికి 0.44 అంటే గంటకు 26 ఘనపు మీటర్లు. మిల్లు ఏడాదికి 350 రోజులు, మూడు షిఫ్టులూ నడుస్తుంది కాబట్టి 8,400 గంటలు. మొత్తం సుమారు 2 లక్షల 20 వేల ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 0.11 చొప్పున 24 వేల యూనిట్ల పైచిలుకు. రూపాయల్లో దాదాపు 1 లక్షా 94 వేలు. 88 పైసల గాలి ఏడాది తిరిగేసరికి ఇలా తేలుతుంది.

వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. కాబట్టి 1 మిల్లీమీటరు చిల్లుకు ఏడాదికి 21,600 రూపాయలు, 6 మిల్లీమీటర్ల చిల్లుకు 7 లక్షల 77 వేలు. సన్న చిల్లులు పదిహేను మూసినా ఒక్క పెద్ద చిల్లు సగం కూడా పూడదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఈ వర్గపు లెక్కే చెబుతుంది. మొదటి షిఫ్టు ఫిట్టరు సాధారణంగా చేతికి అందే సన్న చిల్లులతో మొదలుపెడతాడు. ఆ ముచ్చట కాసేపట్లో.

ఒక ఇబ్బంది ఉంది. నిజం లీకులకు వ్యాసం ఉండదు. నీలంరంగు పీయూ ట్యూబు పుష్ ఫిట్టింగులో సరిగ్గా కూర్చోకపోతే చుట్టూ ఒక సన్న సందు ఏర్పడుతుంది. గొట్టానికి పగులు ఉంటే అది గీతలా ఉంటుంది. రెగ్యులేటరు గిన్నె దగ్గర వాషరు ఎండిపోతే ఎటు నుంచి పోతోందో కూడా తెలియదు. వీటి మీద స్కేలు పెట్టి కొలవలేం. తేలిక ఉపాయం పాలిథిన్ సంచి. 50 లీటర్ల చెత్త సంచి మూతిని లీకు చుట్టూ బిగించి పట్టుకుని, సంచి నిండడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో చూడాలి. ఒక నిమిషం పడితే అది 1 మిల్లీమీటరు చిల్లుతో సమానం. ఏడు సెకన్లలో నిండిందంటే 3 మిల్లీమీటర్లు. అయితే అలా కొలిచేటప్పుడు కంటి అద్దాలు తప్పనిసరి. ఏడు బార్ల ధార మీద వేలు మాత్రం పెట్టకూడదు, చర్మంలోంచి గాలి లోపలికి దూరే ప్రమాదం ఉంది.

ఒక్కొక్క లీకునూ సంచితో కొలుచుకుంటూ పోతే మిల్లు మొత్తానికి ఎప్పటికి అవుతుంది? మొత్తం లీకు తెలుసుకోవడానికి వేరే పద్ధతి ఉంది. దానికి ఏ కొత్త పరికరమూ అక్కర్లేదు, గడియారం చాలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తన శిక్షణ పుస్తకాల్లో ఈ పరీక్షనే నేర్పిస్తుంది.

రెండు కంప్రెషర్లున్న ఒక మిల్లును ఊహించుకుందాం. ఒక్కొక్కటీ నిమిషానికి 10 ఘనపు మీటర్లది, పూర్తి లోడు మీద 66 కిలోవాట్లు. రిసీవర్ ట్యాంకులూ పైపులైన్లూ కలిపి లోపలి ఖాళీ 4 ఘనపు మీటర్లు. కంప్రెషర్ 7.5 బార్లకు చేరగానే గాలి నొక్కడం ఆపుతుంది, 6.5కు పడగానే మళ్లీ మొదలుపెడుతుంది. సెలవు రోజున మిషన్లన్నీ ఆపి, వాటి దాకా వెళ్లే వాల్వులన్నీ మాత్రం తెరిచే ఉంచి, ఒక్క కంప్రెషర్‌నే నడిపారు. పని ఏమీ లేదు కనుక గాలి వాడకం సున్నా కావాలి. కానీ కంప్రెషర్ 34 సెకన్లు లోడవుతోంది, 80 సెకన్లు అన్‌లోడులో ఉంటోంది. మళ్లీ 34, మళ్లీ 80. మొత్తం 114 సెకన్లలో 34 అంటే 30 శాతం. 10 ఘనపు మీటర్లలో 30 శాతం, అంటే నిమిషానికి 3 ఘనపు మీటర్లు ఊరికే పోతోంది.

ఈ అంకె నిజమో కాదో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. అన్‌లోడులో ఉన్న 80 సెకన్లలో 4 ఘనపు మీటర్ల ఖాళీలో ఒత్తిడి ఒక బారు పడింది. ఒక బారు పడటమంటే ఆ ఖాళీకి సరిపడా మామూలు గాలి, 4 ఘనపు మీటర్లు, బయటికి పోయినట్టు. 80 సెకన్లలో 4 అంటే నిమిషానికి 3. రెండు దార్లూ ఒకే చోటికి వచ్చాయి. రాకపోతే రిసీవర్ ఖాళీ తప్పుగా వేశామనో, కంప్రెషర్ రాసినంత గాలి ఇవ్వడం లేదనో అనుమానించాలి. రెండోది చాలాసార్లు నిజమవుతుంది.

ఇంత లీకు అతిశయోక్తి కాదు. నిర్వహణ అంతంతమాత్రంగా ఉన్న ఫ్యాక్టరీల్లో కంప్రెషర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల పాలవుతుందని అమెరికా ఇంధన శాఖ కూడా చెబుతుంది. శ్రద్ధ పెడితే 10 శాతం లోపుకు తేవచ్చు.

ఇక్కడే అసలు కథ. లెక్క ప్రకారం 3 ఘనపు మీటర్ల లీకు ఏడాదికి 13 లక్షల రూపాయల పైన తింటోంది. మిల్లు పనికి నిజంగా కావలసింది నిమిషానికి 9 ఘనపు మీటర్లు అనుకుందాం. లీకుతో కలిపి 12. అందుకే రెండు కంప్రెషర్లూ నడవాల్సి వస్తోంది. మొదటిది పూర్తి లోడు మీద 66 కిలోవాట్లు. రెండోది మిగిలిన 2 ఘనపు మీటర్ల కోసం ఐదింట ఒక వంతు సమయమే లోడవుతుంది. తక్కిన సమయమంతా అన్‌లోడులో తిరుగుతుంది.

అన్‌లోడులో అది ఎంత తింటుంది? సున్నా అనుకుంటారు చాలామంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, స్క్రూలు తిరుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం రాదు. రైల్వే గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలబెట్టిన లారీ లాంటిదది. ఇలాంటి మిషను అన్‌లోడులో పూర్తి లోడు కరెంటులో పాతిక నుంచి ముప్పై శాతం దాకా లాగుతుంది. మనం 20 కిలోవాట్లు అనుకుందాం. అప్పుడు రెండో మిషను సగటు 29 కిలోవాట్లు, రెండూ కలిపి 95.

మెయింటెనెన్స్ వాళ్లు రంగంలోకి దిగారు. సబ్బు నీళ్ల బ్రష్షుతో పుష్ ఫిట్టింగులన్నీ తడుపుకుంటూ పోయారు. బుడగ లేచినచోటల్లా ట్యూబు కొస కత్తిరించి తిరిగి దోపారు. పాత టెఫ్లాన్ టేపు విప్పి కొత్తది చుట్టారు. పదిహేను సన్న లీకులూ ఒక చిరిగిన గొట్టమూ కలిపి నిమిషానికి ఒక ఘనపు మీటరు ఆపారు. మంచి పనే. గుణకారం ప్రకారం 6.6 కిలోవాట్లు, ఏడాదికి 4 లక్షల 44 వేల రూపాయలు మిగలాలి.

మీటరు మాత్రం 4.6 కిలోవాట్లే తగ్గినట్టు చూపిస్తుంది. ఎందుకంటే ఆ ఒక్క ఘనపు మీటరు కోసం లోడయ్యే సమయం తగ్గి, ఆ మేరకు అన్‌లోడు సమయం పెరిగింది. 66 నుంచి సున్నాకు కాదు, 66 నుంచి 20కే దిగింది. ఆదా 3 లక్షల 9 వేలు. నిజానికి ఇంకా కాస్త తక్కువే ఉంటుంది. లోడు ఆగినా మిషను లోపలి నూనె తొట్టిలో ఒత్తిడి దిగడానికి కొంతసేపు పడుతుంది, అంతదాకా కరెంటు 20కి పడదు. రిసీవర్ చిన్నదై లోడు, అన్‌లోడు మాటిమాటికీ మారుతూ ఉంటే ఈ నష్టం మరీ ఎక్కువ. "ఎనర్జీ ఆడిటరు నాలుగున్నర లక్షలన్నాడు, బిల్లులో మూడు కూడా కనపడ్డం లేదు" అని మేనేజర్లు గొణిగేది ఈ దశలోనే. చాలా మిల్లుల్లో పని ఇక్కడితో ఆగిపోతుంది కూడా.

ఆపకుండా ముందుకు వెళితే ఏమవుతుందో చూడండి. మిగిలిన 2 ఘనపు మీటర్లలో సింహభాగం ఎక్కడుంది? ఫిట్టింగుల్లో కాదు, డ్రెయిన్లలో. కోస్తా జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న రోజు పూర్తి లోడు మీద నడిచే మన కంప్రెషర్ గంటకు సుమారు 10 లీటర్ల నీటిని గాలి నుంచి పిండుతుంది. ఆ నీళ్లు రిసీవర్ అడుగునా, కూలరు, డ్రయ్యరు కిందా చేరతాయి. గంటకోసారి ఎవరో వెళ్లి వాల్వు తిప్పి వదలాలి. రాత్రి షిఫ్టులో ఎవరు వెళ్తారు? ఆటోకోనరులోకి నీళ్లు వస్తే స్ప్లైసరు అతుకు పాడవుతుంది, తిట్లు కంప్రెషర్ ఆపరేటరుకు. అందుకని అతను తెలివిగా బాల్ వాల్వును కొంచెం తెరిచి వదిలేస్తాడు. నీళ్లు పోతూ ఉంటాయి. నీళ్లు అయిపోయాక గాలి పోతుంది, ఇరవై నాలుగు గంటలూ. వానాకాలంలో కొంచెం ఎక్కువ తెరుస్తాడు. వేసవి వచ్చినా ఆ వాల్వు అలాగే ఉంటుంది. మన మిల్లులో ఇలాంటి రెండు వాల్వులు కలిపి నిమిషానికి 1.1 ఘనపు మీటర్లు వదులుతున్నాయి. సబ్బు నీళ్ల బ్రష్షుతో వాటి దగ్గరికి ఎవరూ రారు. ఎందుకంటే అవి లీకుల లెక్కలోకే రావు, 'మనం తెరిచి పెట్టినవి' కదా.

దీనికి మందు ఆపరేటరును కోప్పడటం కాదు. నీటిమట్టాన్ని బట్టి తెరుచుకుని, గాలి వచ్చేలోపు మూసుకునే ఆటోమేటిక్ డ్రెయిన్లు దొరుకుతాయి. టైమరు డ్రెయిన్లు చవకే కానీ, నీళ్లున్నా లేకున్నా పెట్టిన సమయానికి తెరుచుకుంటాయి. వానాకాలానికి అమర్చిన సమయాన్ని ఎండాకాలంలో మార్చకపోతే అదీ లీకే.

డ్రెయిన్లు మార్చి, మిగిలిన చిరుగు గొట్టాలకు కొత్త గొట్టాలు వేసేసరికి ఇంకో ఒకటిన్నర ఘనపు మీటర్లు ఆగాయి. మొత్తం ఆపింది రెండున్నర. మిల్లుకు కావలసిన 9, మిగిలిన లీకు అర, వెరసి 9.5. ఇక ఒక్క కంప్రెషర్ చాలు. రెండోదాన్ని పూర్తిగా ఆపేయవచ్చు. మొదటిది 95 శాతం సమయం లోడు మీద, 5 శాతం అన్‌లోడులో నడిస్తే సగటు 64 కిలోవాట్లు. మొత్తం తగ్గుదల సుమారు 31.5 కిలోవాట్లు. ఏడాదికి 2 లక్షల 64 వేల యూనిట్లు, 21 లక్షల రూపాయల పైమాట. గుణకారం చెప్పింది మాత్రం 11 లక్షలే. మొదటి విడతలో అంచనా కంటే తక్కువ ఇచ్చిన లీకులే, రెండో విడత పూర్తయ్యేసరికి దాదాపు రెట్టింపు ఇచ్చాయి.

ఒకే చిల్లుకు మూడు ధరలు. ఒకటి వైశాల్యం, ఒత్తిడి, 0.11 యూనిట్లు గుణిస్తే వచ్చేది. కంప్రెషర్ లోడు అన్‌లోడు మధ్య ఊగుతూనే ఉంటే వచ్చేది అంతకంటే తక్కువ. ఒక మిషను ఆగిపోయే గీత దాటితే వచ్చేది అంతకంటే చాలా ఎక్కువ. వేగం మార్చుకునే వీఎఫ్‌డీ కంప్రెషర్ ఉన్నచోట గుణకారపు అంకె దాదాపు నిజమవుతుంది. గాలి వాడకం తగ్గినమేరకు దాని మోటారు వేగం కూడా తగ్గుతుంది కనుక. లీకు ఆడిటు చేయించుకునేవాళ్లు చిల్లుల పట్టిక ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. మా కంప్రెషర్లు ఎలా నడుస్తున్నాయో కలిపి లెక్క కట్టండని అడగాలి.

ఆగిపోవడమంటే స్విచ్ తీసి ఆపడమే. లీకులన్నీ మూసి, 'ఎప్పుడైనా అవసరమొస్తుంది' అని రెండో మిషనును అన్‌లోడులో అలాగే తిరగనిస్తే, 31.5 కిలోవాట్లలో మిగిలేది 11.5 మాత్రమే. ఆ స్విచ్ ఒక్కదాని ఖరీదు 20 కిలోవాట్లు, ఏడాదికి 13 లక్షల 44 వేల రూపాయలు. ఆపరేటరు భయం అర్థంలేనిది కాదు. ఆటోకోనర్లన్నీ ఒకేసారి గాలి లాగితే వాడకం కాసేపు 10 దాటవచ్చు. ఆ కాసేపటిని రిసీవర్ కాయాలి. అది చాలకపోతే రెండో మిషను తక్కువ ఒత్తిడి దగ్గర తనంతట తాను మొదలై, పని అయ్యాక తనంతట తాను ఆగేలా కంట్రోలరులో పెట్టుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. లీకులు మూయగానే లైను చివరన ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడికి మిగిలిన చిల్లులు ఇంకాస్త ఎక్కువ వదులుతాయి. రెగ్యులేటరు లేని ఊదుడు గొట్టాలు కూడా ఎక్కువ గాలి తాగుతాయి. ఆదాలో కొంత అలా వెనక్కి పోతుంది. అందుకే మరమ్మతు తరువాత కంప్రెషర్ సెట్టింగును మెల్లగా దించి చూడాలి. ఆటోకోనరు దగ్గరి గేజిలో కంపెనీ చెప్పిన కనీస ఒత్తిడి నిలిచినంతవరకు దించవచ్చు. ఒక బారు దించితే కంప్రెషర్ కరెంటు ఆరేడు శాతం తగ్గుతుంది, మిగిలిన లీకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. తిరగేసి చెప్పాలంటే, చివరి మిషనుకు గాలి అందడం లేదని ప్రెషర్ పెంచుతూ పోవడం లీకులకు మేత వేయడమే.

వెతకడానికి సబ్బు నీళ్లు చాలని అనుకోవచ్చు. చేతికి అందే చోట చాలు. తలపైన ఇరవై అడుగుల ఎత్తున ఉన్న పైపులకు అల్ట్రాసోనిక్ డిటెక్టరు కావాలి. సన్న సందులోంచి దూకే గాలి చెవికి అందని ఎత్తు ధ్వనిని కూడా పుట్టిస్తుంది. ఈ పరికరాలు సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర వింటాయి, దాన్ని మామూలు ధ్వనిగా మార్చి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తాయి. రింగు ఫ్రేముల హోరు చాలావరకు అంతకంటే కింద ఉంటుంది కాబట్టి మిల్లు నడుస్తున్నా పని చేయవచ్చు. ఆటోకోనర్ల దగ్గర మాత్రం కుదరదు, ప్రతి స్ప్లైసరూ గాలి దెబ్బ కొట్టినప్పుడల్లా డిటెక్టరుకు అది లీకులాగే వినిపిస్తుంది. ఆ విభాగాన్ని సెలవు రోజుకు వదిలేయడమే మేలు.

మిగిలిన అర ఘనపు మీటరు సంగతేమిటి? ఆ మిల్లులో అది కంటికి ఆనని వందచోట్ల చెదిరి ఉంటుంది. దాన్నంతా మూసినా, ఇప్పుడున్న కంప్రెషర్‌తో 2.3 కిలోవాట్లు, ఏడాదికి లక్షన్నర చిల్లర. వందచోట్ల మనిషిని తిప్పే ఖర్చు తీసేస్తే మిగిలేది తక్కువ. అక్కడ ఆగడమే లెక్క ప్రకారం సరైన పని. కానీ ఆగినచోట అది ఉండిపోదు. మిషన్లు అదురుతూ ఉంటాయి, ట్యూబులు గట్టిపడుతూ ఉంటాయి, కొన్ని నెలల్లో లీకు మళ్లీ పెరుగుతుంది.

ఈ మిల్లులో అది ఎంత పెరగవచ్చో కూడా లెక్కలోనే ఉంది. పనికి 9 కావాలి, కంప్రెషర్ ఇచ్చేది 10. లీకు ఒక ఘనపు మీటరు చేరిన రోజున రెండో కంప్రెషర్ మళ్లీ లేచి కూర్చుంటుంది. దాంతో దాని 20 కిలోవాట్లూ తిరిగి వస్తాయి. అంత దాకా వచ్చామో లేదో సెలవు రోజు గడియారమే చెబుతుంది. లీకు అర ఘనపు మీటరు ఉన్నప్పుడు ఖాళీ మిల్లులో ఒత్తిడి ఒక బారు పడటానికి 8 నిమిషాలు పడుతుంది. ఒక ఘనపు మీటరైతే 4 నిమిషాలు. సూపర్‌వైజరు లాగ్ బుక్కులో ప్రతి సెలవు రోజునా ఆ ఒక్క సమయం రాసుకుంటే చాలు. 8 కాస్తా 6 అయినప్పుడు సబ్బు నీళ్ల బ్రష్షు బయటికి తీయాలి, 4 అయ్యేదాకా ఆగకూడదు.